పాల కవరు తడా, పొడా? ఒక వీధి నాటకాన్ని రెండుసార్లు రాసిన కథ

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. చెత్త వేరుచేయడం మీద నేను రాసిన మొదటి స్క్రిప్టుకి చప్పట్లు బాగా పడ్డాయి. మూడు రోజుల తర్వాత బస్తీలో బకెట్లు తెరిచి చూస్తే, ఆ చప్పట్లకీ చెత్తకీ ఏ సంబంధమూ లేదని తేలింది. ఇలాంటి నాటకం రాయబోయే వాళ్ళకి పనికొస్తుందని, ఎక్కడ తప్పు చేశానో, రెండోసారి ఏం మార్చానో వివరంగా రాస్తున్నాను.

బెంగళూరులో కోరమంగలకు ఆనుకుని ఉన్న ఒక బస్తీ అది. నూట అరవై గడపలు ఉంటాయి. ఎక్కువ మంది కదిరి, మదనపల్లె, హిందూపురం వైపు నుంచి ఒక తరం కిందట వచ్చినవాళ్ళు, మిగతావాళ్ళు తమిళులు. మగవాళ్ళు పెయింటింగ్‌కో, సెంట్రింగ్‌కో పోతారు. ఆడవాళ్ళలో చాలామంది పక్క కాలనీలోని అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేస్తారు. నాలుగైదు ఇళ్ళలో వీధులు ఊడ్చి చెత్త ఎత్తే పౌరకార్మికులున్నారు. ఊళ్ళోలా అక్కా, అన్నా అని పిలుచుకుంటారు గానీ మాటల్లో సగం కన్నడం కలుస్తుంది. చెత్తని ‘కస’ అంటారు, చెత్త బండిని ‘కస గాడీ’ అంటారు.

మొదటి స్క్రిప్టులో చెత్తాసురుడు ఉండేవాడు. ఒంటి నిండా కవర్లు వేలాడదీసుకుని, నోట్లోంచి పొగ వచ్చినట్టు గంతులు వేసేవాడు. కథ సులువు. ఊరంతా చెత్త కలిపి పారేస్తే వాడు బలిసిపోతాడు, వేరు చేస్తే చిక్కి చస్తాడు. మధ్యలో చదువుకున్న కుర్రాడి పాత్ర ఒకటి వచ్చి, మావళ్ళిపుర డంప్‌యార్డ్ 2012లో మూతపడిందని, మండూరు గ్రామస్తులు పోరాడితే 2014లో అక్కడా చెత్త పోయడం ఆగిందని, 2015 డిసెంబర్‌లో హైకోర్టు తడి చెత్తకీ, ప్యాడ్ల లాంటి రిజెక్ట్ చెత్తకీ రెండు బిన్నులు, పొడి చెత్తకి ఒక సంచి అనే పద్ధతి తప్పనిసరి చేసిందని చెప్పేవాడు. అన్నీ నిజాలే. కానీ ఆ కుర్రాడు నోరు తెరవగానే జనం పక్కవాళ్ళతో మాట్లాడుకోవడం మొదలుపెట్టేవారు. పిల్లలు అసురుడు మళ్ళీ ఎప్పుడొస్తాడా అని చూసేవారు.

మూడో రోజు పొద్దున కస గాడీ వచ్చే వేళకి మేం ఇద్దరం వెళ్ళాం. గాడీ హెల్పర్‌ని బతిమాలి, ఇంటివాళ్ళ అనుమతితో ఇరవై ఇళ్ళ బకెట్లు ఒక టార్పాలిన్ మీద ఒంపి చూశాం. వేరు చేసిన బకెట్లు లేకపోలేదు. వాటిలోనే అసలు పాఠం దొరికింది. తడి బకెట్టులో పాల కవర్లు, తడిసిన టిఫిన్ పార్సిల్ కవర్లు, పెరుగు కప్పులు ఉన్నాయి. పొడి సంచిలో ఉల్లిపొట్టు, ఎండిపోయిన మల్లెదండ, వేరుశనగ పొట్టు, ఎండిన కరివేపాకు రెమ్మలు. ఇరవైలో పదమూడు బకెట్లలో పాల కవర్లు కనిపించాయి.

ఆ టార్పాలిన్ ముందు కూర్చున్నప్పుడు అర్థమైంది, వాళ్ళు తప్పు చేయలేదు. మేం చెప్పింది చెప్పినట్టు చేశారు. తడిగా ఉన్నది తడిలో వేశారు, పొడిగా ఉన్నది పొడిలో వేశారు. ‘తడి చెత్త, పొడి చెత్త’ అన్న మాటలు ఆఫీసు వాళ్ళకి అలవాటు. మామూలు తెలుగులో తడి అంటే చేతికి తడి తగిలేది, పొడి అంటే తడి లేనిది. ఉల్లిపొట్టు కంటే పొడిగా ఉండేది వంటింట్లో ఇంకేముంటుంది? కన్నడంలో ‘హసి కస, ఒణ కస’ అన్నా ఇదే తిరకాసు. అసురుడు ఎంత గంతులేసినా ఈ ముడి విప్పలేడు.

అందుకని రెండో స్క్రిప్టుని కథతో మొదలుపెట్టలేదు. చేతిలో ఉన్న వస్తువు ఎటు పోవాలో ఒక్క క్షణంలో తేల్చే ప్రశ్న ఒకటి కావాలి. అది దొరికాక దాని చుట్టూ నాటకం కట్టాలి.

మొదట ‘కుళ్ళేదా, కుళ్ళనిదా’ అని పెట్టాం. రిహార్సల్‌కి వచ్చిన ఒకావిడ వెంటనే, “పేపరు కుళ్తుంది కదా, నానితే?” అంది. నిజమే, పేపరు పోవాల్సింది పొడి సంచిలోకే. తర్వాత ‘ఆవు తినేదా, తిననిదా’ అని మార్చాం. చాలా తెలివిగా రాశాననుకున్నాను. ఎనిమిదేళ్ళ పిల్లాడు ఒకడు, “ఆవు కవర్లు కూడా తింటుందన్నా, మా వీధిలో రోజూ తింటుంది” అన్నాడు. దానికి జవాబు లేదు.

చివరికి నిలబడిన ప్రశ్న ఇది: ‘తిన్నదా, చుట్టిందా?’ మనిషి తిన్నదాంట్లో, వండినదాంట్లో, దేవుడికి పెట్టినదాంట్లో మిగిలింది బకెట్టులోకి. అంగడివాడు దేంట్లో చుట్టి ఇచ్చాడో అది సంచిలోకి. ఉల్లిపొట్టు ఎంత ఎండినా ఉల్లిగడ్డదే, మల్లెదండ ఎంత వాడినా దేవుడి పటం మీదిదే. పాల కవరు ఎంత తడిసినా చుట్టిందే. ఈ ప్రశ్నకి దొరకనివీ ఉన్నాయి: పాత చెప్పులు, విరిగిన ప్లాస్టిక్ మగ్గు. వాటి విషయంలో జనం ఎలాగూ పొరపడరు, పాత సామాన్లు కొనే గుజిరీ అంగడివాడు అడుగుతాడని దాచిపెడతారు. పొరపాటు జరిగేది వంటింటి కట్ట మీద కాబట్టి ప్రశ్న అక్కడికి సరిపోతే చాలు.

ఆ ప్రశ్న మీద కట్టిన సీను ఇది. స్క్రిప్టులోంచి అలాగే ఇస్తున్నాను. నరసమ్మ బస్తీలో ఉండే ఇల్లాలి పాత్ర. జోలెవాడు అంటే భుజాన గోతాం వేసుకుని చెత్త ఏరుకునే మనిషి పాత్ర. మొదటి స్క్రిప్టులో ఉపన్యాసం ఇచ్చిన కుర్రాడిని తీసేసి ఇతన్ని పెట్టాం.

(డప్పు ఆగుతుంది. నరసమ్మ వలయం మధ్యలో గొంతుకూర్చుని, పాల కవరు ఎత్తి చూపిస్తుంది.)

నరసమ్మ: తడిగా ఉండాది. హసి కస. బకెట్టుకి.

జోలెవాడు: ఆగక్కా! పాలు తాగినారా?

నరసమ్మ: తాగినాం.

జోలెవాడు: కవరు తాగినారా?

నరసమ్మ: కవరు యెవురన్నా తాగుతారా?

జోలెవాడు (జనం వైపు తిరిగి): తిన్నదా, చుట్టిందా?

(జనం చెప్పేదాకా ఆగాలి. చెప్పకపోతే మళ్ళీ అడగాలి. నటులు జవాబు చెప్పకూడదు.)

జోలెవాడు: చుట్టింది యాడికి?

నరసమ్మ: సంచికి. అయితే ఈ తడితో యెట్ల యేసేది? గబ్బు లేస్తుంది గదా.

ఇక్కడి నుంచి దాదాపు ఒక నిమిషం మాటలు లేవు. నరసమ్మ కత్తెరతో కవరు మూల కత్తిరిస్తుంది, కానీ ముక్క ఊడిపోనివ్వదు, వేలాడనిస్తుంది. పాలు గిన్నెలో పోస్తుంది. అర గ్లాసు నీళ్ళు కవర్లో పోసి, మూల నొక్కిపట్టి కలిపి, ఆ నీళ్ళు కూడా పాల గిన్నెలోనే వంచుతుంది. కవరు దులిపి, మేకుకి కొట్టిన బట్టల క్లిప్పుకి తగిలిస్తుంది. అంతసేపూ డప్పు మీద ఒక్క వేలు మాత్రం ఆడుతుంటుంది.

వీధి నాటకంలో ఒక నిమిషం మౌనం అంటే టెన్షనే. ఒక్క బైకు హారన్ కొడితే సీను చెదిరిపోతుంది. కానీ జనం అన్నిటికంటే శ్రద్ధగా చూసింది ఈ నిమిషాన్నే. కవర్లో నీళ్ళు పోసి పాలల్లో కలుపుకోవడం ఆ ఆడవాళ్ళు రోజూ చేసే పనే. ఆఖరి చుక్క పోనివ్వకుండా చేసే ఆ పనే కవరుని కడిగేస్తుంది. కొత్తగా చేయాల్సింది క్లిప్పుకి తగిలించడం ఒక్కటే. ‘అదనంగా ఏమీ చేయక్కర్లేదు’ అని మాటల్లో చెప్పి ఉంటే ఎవరూ నమ్మేవారు కాదు.

ఆ వేలాడే మూల ముక్క గురించి కొంచెం. బొటనవేలి గోరంత ఉంటుంది. ఊడితే సింకులోనో, కూరగాయల తొక్కల్లోనో కలిసిపోతుంది. డ్రై వేస్ట్ సెంటర్‌లో దాన్ని ఎవరూ ఏరలేరు. కంపోస్టు దాకా వెళ్ళి ఎరువులో తెల్లగా మిగిలిపోతుంది. కవరుకి అంటుకుని ఉంటే కవరుతో పాటే గుజిరీకి పోతుంది. కడిగి ఆరిన పాల కవరుకి పాత సామాన్ల దగ్గర ధర ఉంది. చిప్స్ పాకెట్టుకి, షాంపూ పొట్లానికి ఆ ధర లేదు, ఎందుకంటే అవి రెండు మూడు పొరలు అతికించి చేసినవి, విడదీయడం కుదరదు. జోలెవాడి పాత్ర ఈ తేడాని ఒక్క చేష్టలో చూపిస్తాడు. పాల కవరు ముద్దుపెట్టుకుని గోతాంలో వేస్తాడు, చిప్స్ పాకెట్టు వైపు నిట్టూర్చి వేస్తాడు. అది కూడా సంచిలోకే పోవాలి, వేస్తాడు, కానీ నిట్టూరుస్తాడు.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ అసలు దెబ్బ మొదటి స్క్రిప్టు ఆడిన రోజే తగిలింది, దాన్ని నేను అప్పుడు సరిగ్గా వినలేదు. నాటకం మధ్యలో ఒక అవ్వ గట్టిగా అడిగింది: “మేము యేరు చేస్తే మీ గాడీవోడు అంతా ఒకే తావ పోసుకుని పోతాడు గదా నాయనా?” మా నటుడు స్క్రిప్టులో ఉన్న డైలాగే మళ్ళీ చెప్పాడు. జనం నవ్వారు. ఆ నవ్వు మా మీదే.

రెండో స్క్రిప్టు రాసేముందు గాడీ వెనక మూడు రోజులు తిరిగాం. అవ్వ చెప్పింది నిజం. ఆటో టిప్పర్ లోపల అడ్డుపలక లేదు. పొడి సంచులు వేరుగా తీసుకునే రోజులు ఏవో హెల్పర్‌కి తెలుసు, ఇళ్ళవాళ్ళకి తెలియదు. పైగా గాడీ ఎనిమిదిన్నరకి వస్తుంది, బస్తీ మూల దాకే వస్తుంది, లోపలి సందుల్లో పట్టదు. ఇంటిపనికి పోయే ఆడవాళ్ళు ఆరుంపావుకే బయల్దేరతారు. చెత్త ఇంట్లో పెట్టి పోతే సాయంత్రానికి ఎలుకలు. అందుకే పోతూ పోతూ మూల మీది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర విసిరేస్తారు. దీన్ని ‘అవగాహన లేకపోవడం’ అని రాసింది నేనే, మొదటి స్క్రిప్టులో.

ఇంకో సంగతి విన్నాక ఆ పదం నోట్లోంచి పోయింది. అపార్ట్‌మెంట్లలో తడి, పొడి, రిజెక్ట్ మూడూ తప్పులేకుండా వేరు చేసేది ఈ ఆడవాళ్ళే. అక్కడ సింకు కింద మూడు డబ్బాలున్నాయి, కలిపితే వాచ్‌మన్ తిప్పి పంపుతాడు. కాలనీలో మేం నాటకం వేస్తే ముందు వరసలో యజమానురాళ్ళు కూర్చుంటారు, చెత్త పట్టే చేతులు మాత్రం వెనక గేటు దగ్గర నిలబడి ఉంటాయి. తెలియని వాళ్ళకి చెప్తున్నామనుకుని, తెలిసినవాళ్ళకే చెప్తున్నాం.

దాంతో రెండు ఇళ్ళ సీను వచ్చింది. నేల మీద తాడుతో పది అడుగుల చదరం వేస్తాం, అది నరసమ్మ ఇల్లు. పక్కనే దానికి మూడింతల చదరం, అది ఆమె పనిచేసే ఫ్లాటు. పెద్ద చదరంలో నరసమ్మ డప్పు దరువుకి చకచకా మూడు డబ్బాల్లో వేస్తుంది. చిన్న చదరంలోకి వస్తుంది. అక్కడ మొగుడు, ఇద్దరు పిల్లలు, స్టవ్వు, నీళ్ళ బిందెలు. మూడు డబ్బాలు చేతిలో పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక గుండ్రంగా తిరుగుతుంది. ఈ సీనులో తిట్టు ఎవరికీ లేదు. చూసే ఆడవాళ్ళు ఇక్కడే పడిపడి నవ్వారు, ఈసారి మాతో కలిసి.

అందుకే మా నాటకంలో రెండు బిన్నులు, ఒక సంచి అని చెప్పం. తలుపు వెనక మూత ఉన్న ఒక బకెట్టు, అడుగున ప్లాస్టిక్ కవరు కాకుండా న్యూస్‌పేపరు. మేకుకి ఒక సంచి, నేల స్థలం తినదు. మూడోది డబ్బా కాదు, పేపరు పొట్లం. పాట కూడా అంతే చిన్నది, నాలుగుసార్లు వస్తుంది:

తిన్నది బకెట్టుకి, చుట్టింది సంచికి,
యెవురూ విప్పనిది పేపరు పొట్లానికి.

పాట నాలుగుసార్లు రావడానికి కారణం ఉంది. వీధిలో నాటకం మొదలైనప్పుడు పిల్లలూ కుక్కలే ఉంటాయి. పెద్దవాళ్ళు డప్పు విని ఐదారు నిమిషాలకి చేరతారు, కొందరు మధ్యలో వెళ్ళిపోతారు. పాల కవరు సీను మొదటి ఐదు నిమిషాల్లో ఎప్పుడూ పెట్టకూడదు. మాది ఇరవై నిమిషాల నాటకం, అది ఎనిమిదో నిమిషంలో వస్తుంది. ఆదివారం సాయంత్రం ఆరున్నరకి, నీళ్ళ కొళాయి దగ్గర ఆడతాం.

పొట్లం సంగతి. ప్యాడ్లు, డైపర్లు, గాయాల కట్లు రిజెక్ట్‌లోకి పోవాలి, పేపర్లో చుట్టి మీద ఎర్రగా ఒక గుర్తు పెట్టాలి. మొదట్లో నటి ‘ప్యాడ్’ అనగానే వెనక నిలబడ్డ కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు, ముందున్న ఆడపిల్లలు తల దించుకున్నారు. సీను అక్కడితో చచ్చిపోయింది. తిరగరాసినప్పుడు వరస మార్చాం. ముందు పౌరకార్మికురాలి పాత్ర సుశీలక్క వస్తుంది. కలిపి కట్టిన కవరు ముడి విప్పి, చేత్తో లోపల వెతుకుతుంది. బ్లేడు తగులుతుంది, వేలు నోట్లో పెట్టుకోబోయి ఆగుతుంది. అదే చేత్తో ఇంకేదో మెత్తగా తగిలిందని ముఖంతో చూపిస్తుంది. అదేమిటో చెప్పదు. చెయ్యి చీరకి తుడుచుకోబోయి అదీ ఆపుతుంది. చెప్పడానికి ఇష్టం లేక దూరంగా పట్టుకున్న ఆ చెయ్యి చూసి కుర్రాళ్ళెవరూ నవ్వలేదు. తర్వాత నరసమ్మ ఎర్ర గుర్తున్న పొట్లం అందిస్తే, సుశీలక్క దాన్ని విప్పకుండా పక్కన పెట్టి, “ఇది నాకు తెలుసు. దీన్ని విప్పను” అంటుంది. ఆ ఒక్క మాటతో సీను అయిపోతుంది. బస్తీలోని నిజమైన పౌరకార్మికురాలు ఒకామె రిహార్సల్‌కి వచ్చి చీర దగ్గరి చేష్ట నేర్పింది.

గాడీ విషయంలో నాటకం ఒక్కటే ఏమీ చేయలేదు. గాడీ సూపర్‌వైజర్‌తో రెండుసార్లు కూర్చున్నాం. తేలింది ఇంత: టిప్పర్ పక్కన రెండు గోతాలు కడతారు, పొడి సంచి వారంలో మంగళ, శనివారాలు అందులోకి పోతుంది. రోజులు తేలాకే స్క్రిప్టులో “మంగళారం, శనారం సంచి” అన్న డైలాగు రాశాం. ఇక ఆరుంపావుకి పోయేవాళ్ళ కోసం, మూల దగ్గరి ఇంట్లో ఉండే అవ్వ (నటుడిని నిలదీసిన అవ్వే) నాలుగు ఇళ్ళ బకెట్లు తన గడప దగ్గర పెట్టించుకుని గాడీకి అందిస్తానంది. ఆ నాలుగు ఇళ్ళూ నెలకి కొంచెం కొంచెం ఆమెకిస్తాయి. మేం పెట్టిన ఏర్పాటు కాదు. నాటకం చివర జనంతో మాట్లాడేటప్పుడు వాళ్ళలో వాళ్ళే తేల్చుకున్నారు. తర్వాతి ప్రదర్శనల్లో దీన్ని సీనుగా పెట్టాం, అవ్వ పాత్రతో సహా.

నెల తర్వాత అవే ఇరవై ఇళ్ళ బకెట్లు మళ్ళీ చూశాం. పాల కవర్లు ఐదింటిలో ఉన్నాయి. మూడు నెలలకి తొమ్మిదింటిలో. ఎందుకు పెరిగిందంటే, మూడు ఇళ్ళలో అద్దెకున్నవాళ్ళు మారారు, కొత్తవాళ్ళు నాటకం చూడలేదు. ఒకింట్లో ఆమె మారలేదు, క్లిప్పు పోయింది. క్లిప్పు లేకపోతే కవరు ఎక్కడ ఆరేస్తుంది, బకెట్టులో పడేసింది. అప్పటినుంచి ప్రదర్శనకి క్లిప్పులు పట్టుకెళ్తున్నాం, ఇంటికి రెండు.

మగవాళ్ళ దగ్గర మాత్రం నా స్క్రిప్టు ఓడిపోయింది. చిన్న మందు టెట్రా పాకెట్లు సందు చివర గోడ పక్కన గుట్టగా పడుతూనే ఉన్నాయి. ‘తిన్నదా, చుట్టిందా’ ప్రశ్నకి అవి చక్కగా దొరుకుతాయి, సంచిలోనే పోవాలి. కానీ ఆ సంచి ఇంట్లో, పెళ్ళాం కళ్ళ ముందు మేకుకి వేలాడుతుంది. ఖాళీ పాకెట్టు తీసుకెళ్ళి అందులో వేసే ధైర్యం ఎవరికుంది? దాని మీద ఒక సీను రాశాను. రిహార్సల్లో మా వాళ్ళే ఒప్పుకోలేదు, తాగినవాడు గొడవ చేస్తే నాటకం ఆగిపోతుందని. ప్రస్తుతం జోలెవాడు ఆ గోడ వైపు ఒకసారి చూసి, జనం వైపు చూసి, ఏమీ అనకుండా గోతాం సర్దుకుంటాడు. నవ్వు మాత్రం వస్తుంది. పాకెట్లు ఇంకా అక్కడే ఉన్నాయి.